ఒకే నంబరున్న రెండు పెట్టెలు: అమెరికా నుంచి సనత్‌నగర్ దాకా ఒక ఇంటి సామాను జాబితా

నేపథ్యం

ఇది 2019 నాటి కేసు. తొమ్మిదేళ్లు అమెరికాలో ఉన్న ఒక కుటుంబం హైదరాబాద్‌కు తిరిగొచ్చేస్తోంది. భార్యాభర్తలు, బడికెళ్లే ఇద్దరు పిల్లలు. ఇంటి సామానంతా 20 అడుగుల కంటైనర్‌లో వేసి ఓడలో పంపాలని అక్కడి ప్యాకర్స్‌తో మాట్లాడుకున్నారు. సామాను సనత్‌నగర్ ఐసీడీకి, అంటే ఓడరేవు లేని ఊళ్లో కంటైనర్లు దించి కస్టమ్స్ పని చేసే డిపోకు, చేరాక కస్టమ్స్ క్లియరెన్స్ చేయించడం నా పని. వాళ్లను గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. పెట్టెల సంగతి మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

అప్పటికి అమల్లో ఉన్నవి 2016 బ్యాగేజ్ రూల్స్. కనీసం రెండేళ్లు విదేశంలో ఉండి, ఆ రెండేళ్లలో ఇండియాకు వచ్చి వెళ్లిన రోజులన్నీ కలిపి ఆరు నెలలు దాటకపోతే, ఇల్లు మార్చుకుని వచ్చేవాళ్ల కింద 5 లక్షల రూపాయల విలువ దాకా సామానుకు సుంకం మినహాయింపు ఉండేది. వీళ్లకు ఆ అర్హత ఉంది. అయితే కొన్ని వస్తువులు ఆ మినహాయింపులోకి వచ్చేవి కావు. ఫ్లాట్ ప్యానెల్ టీవీ వచ్చేది కాదు. నగలు కాకుండా మరే రూపంలో ఉన్న వెండి, బంగారమైనా వచ్చేవి కావు.

వ్యాపార సరుకుకు ఇన్‌వాయిస్ ఉంటుంది. ఇంటి సామానుకు అలాంటిది ఉండదు. కంటైనర్ తలుపు తీయకముందు లోపల ఏముందో ఆఫీసరుకు చెప్పే కాగితం ఒక్కటే, యజమాని సంతకం పెట్టిన జాబితా. కస్టమ్స్ చట్టం 77వ సెక్షన్ ప్రకారం సామానులో ఏముందో డిక్లేర్ చేయాల్సింది యజమానే. ప్యాకర్ కాదు, నేను కూడా కాదు. ఈ సంగతి వాళ్లకు మొదటి ఫోన్‌లోనే చెప్పాను. తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నీ దీన్ని బట్టే నడిచాయి.

వచ్చిన సమస్య

భర్త ముందుగా వచ్చేశారు. భార్యా పిల్లలు బడి సెలవుల దాకా అక్కడే ఉన్నారు. ప్యాకర్స్ ఇల్లు ఖాళీ చేసి సామాను తమ గోడౌన్‌కు చేర్చి, లిస్టు పీడీఎఫ్‌గా పంపారు. అందులో మొత్తం 163 వరుసలు. ఇంగ్లిష్‌లో ఉన్నవాటిని ఇక్కడ మన లిపిలో రాస్తే ఇలా ఉన్నాయి: "17, కార్టన్, పీబీఓ." "18, కార్టన్, కిచెన్." "41, కార్టన్, మిసిలేనియస్." "60, టేబుల్, గీతలున్నాయి, కాలు అంచు చెక్కు లేచింది."

పీబీఓ అంటే యజమానే సర్దుకున్న పెట్టె అని అర్థం. అందులో ఏముందో ప్యాకర్స్‌కు తెలియదు, దాని బాధ్యతా వాళ్లది కాదు. అలాంటివి 54 ఉన్నాయి. అంటే కంటైనర్‌లో మూడో వంతు పెట్టెల గురించి లిస్టులో ఒక్క ముక్క కూడా లేదు.

ప్యాకర్స్ పని సరిగా చేయలేదని ఆయన చాలా కోపంగా ఉన్నారు. నిజానికి అది చెడ్డ లిస్టు కాదు. వేరే పని కోసం తయారైంది, అంతే. ఎన్ని నగలు ఎక్కించామో అన్నీ దించామా లేదా (రవాణా వాళ్ల భాషలో నగ అంటే ఒక శాల్తీ), ఏ టేబుల్‌కు గీత ముందే ఉంది, ఏది దారిలో పడింది, ఇవి తేల్చడానికి ప్యాకర్‌కు ఆ లిస్టు కావాలి. అందుకే బల్ల అంచు చెక్కు లేచిన సంగతి శ్రద్ధగా రాసి, పెట్టెలో ఏముందో వదిలేస్తారు. కస్టమ్స్‌కు కావాల్సింది సరిగ్గా దీనికి తలకిందులు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఫొటోలు చూశాక బయటపడింది. యజమాని తను సర్దిన పెట్టెల మీద మార్కర్‌తో 1 నుంచి 54 దాకా నంబర్లు వేసుకున్నారు. ప్యాకర్స్ వచ్చి అన్నిటికీ 1 నుంచి 163 దాకా తమ స్టిక్కర్లు అంటించారు. మార్కర్‌తో 17 అని ఉన్న పెట్టెకు స్టిక్కర్ నంబరు 92. స్టిక్కర్ మీద 17 ఉన్న పెట్టెకు మార్కర్ నంబరు 3. అంటే "పదిహేడో పెట్టె తీయండి" అంటే రెండు పెట్టెలు వస్తాయి. రాసుకున్న దానితో రెండోది కలవదు. కలవని పెట్టె ఒకటి తగిలితే ఆఫీసరు మిగతావాటిని నమ్మడానికి కారణం ఉండదు.

సామాను ఇంకా గోడౌన్‌లోనే ఉంది. కంటైనర్ లోడింగ్‌కు పది రోజులు గడువు. మరీ వాయిదా వేయడానికీ లేదు. అప్పటి రూలు ప్రకారం ప్రయాణికుడు ఇండియాలో దిగిన నెలలోపు అక్కడినుంచి సామాను బయలుదేరాలి. దాటితే గడువు పొడిగించమని ఇక్కడ అర్జీ పెట్టుకోవాలి.

మొదట చేసి చూసినవి

ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి. రెండు రాత్రులు కూర్చుని, భార్య తీసిన ఫొటోలు చూస్తూ ఎక్సెల్ షీటు చేసి పంపారు. దాదాపు 900 వరుసలు. స్పూన్లు కూడా లెక్కపెట్టారు. ఇంట్లో గదుల వారీగా విడగొట్టారు: మాస్టర్ బెడ్‌రూమ్, పిల్లల గది, గరాజ్. చూడటానికి చక్కగా ఉంది.

నేను దాన్ని మా ఆఫీసు కుర్రాడి చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని ఆఫీసరు అడిగినట్టు అడిగాను. "ఇరవై మూడో పెట్టెలో ఏముంది?" కుర్రాడు షీటు తిప్పుతూనే ఉన్నాడు. ఆ పెట్టెలోని వస్తువులు మూడు గదుల కింద చెల్లాచెదురుగా ఉన్నాయి, ఎందుకంటే ఖాళీ మిగిలిన చోటల్లా ఏదో ఒకటి కుక్కారు. తర్వాత తిరగేసి అడిగాను. "సౌండ్‌బార్ ఎక్కడుంది?" షీటులో ఉంది, కానీ పెట్టె నంబరు గడిలో మార్కర్ నంబరు ఉంది.

షెడ్డులో ఆఫీసరు అడిగేవి ఈ రెండు ప్రశ్నలే. పెట్టె చూపించి ఇందులో ఏముంది అంటారు, లేదా వస్తువు పేరు చెప్పి అది ఏ పెట్టెలో ఉంది అంటారు. నిలబడి, ఒక చేత్తో కాగితం పట్టుకుని, హమాలీలు పక్కన ఎదురుచూస్తుండగా అడుగుతారు. రెండిటికీ కొన్ని క్షణాల్లో జవాబు దొరకని జాబితాలో ఎన్ని స్పూన్లు రాసినా ఉపయోగం లేదు. పైగా 900 వరుసల్లో ఎక్కడో ఒకచోట లెక్క తప్పుతుంది. స్పూన్లు 24 అని రాసి 22 ఉంటే అది ఎవరికీ పట్టదు గానీ, తేడా తేడాయే. అనవసరమైన చోట ఖచ్చితమైన అంకె వేసి మనమే చిక్కు తెచ్చుకోవడం దేనికి?

ఈలోగా ఆయన స్నేహితుడు ఇంకో సలహా ఇచ్చాడట. "అన్నిటికీ పాత బట్టలు, పుస్తకాలు, వంట సామాను అని రాసేయండి, ఎవరూ చూడరు" అని. ఈ సలహా నేను చాలాసార్లు విన్నాను. చూడని రోజు గడిచిపోతుంది. చూసిన రోజు డిక్లరేషన్‌లో లేని వస్తువును జప్తు చేసే అధికారం 111వ సెక్షన్ ఇస్తుంది, జరిమానా వేరే. ఆయనకు నేను చెప్పింది ఇంకొకటి కూడా: 163 వరుసల్లోనూ బట్టలు, పుస్తకాలే రాస్తే, ఆఫీసరు మొదట వెతికేది ఎక్కడా కనబడని టీవీ కోసమే. అమెరికా నుంచి వచ్చే ఇంట్లో టీవీ లేదంటే ఎవరు నమ్ముతారు?

పెట్టెలు విప్పాలా, వద్దా

ఇక్కడ రెండు దారులున్నాయి. ఉన్నదున్నట్టు పంపించి ఇక్కడ పూర్తి ఎగ్జామినేషన్‌కు సిద్ధపడటం ఒకటి. గోడౌన్‌లోనే పీబీఓ పెట్టెలు విప్పించి మళ్లీ సర్దించడం రెండోది. రెండో దానికి అక్కడి కూలీ గంటల లెక్కన డాలర్లలో పడుతుంది. ఆయనకు మొదట అది దండగ ఖర్చు అనిపించింది. కానీ ఇక్కడ ప్రతి పెట్టె విప్పాల్సి వస్తే హమాలీ ఖర్చుతో ఆగదు. కంటైనర్ ఖాళీ చేసి అప్పగించడం ఆలస్యమైన కొద్దీ షిప్పింగ్ లైన్‌కు డిటెన్షన్, యార్డుకు గ్రౌండ్ రెంట్ రోజువారీ పెరుగుతాయి. విప్పిన పెట్టెల్ని ఎండలో హడావిడిగా మళ్లీ టేపు వేస్తే పగిలేవి పగులుతాయి. అందుకని మొత్తం కాకుండా 54 పీబీఓ పెట్టెలే విప్పించాలని నిర్ణయించాం. ప్యాకర్స్ సర్దిన కార్టన్లకు వాళ్ల మనుషులు తీసిన ఫొటోలు ఉన్నాయి, అవి చాలు.

ఆమె గోడౌన్‌కు వెళ్లి దగ్గరుండి విప్పించారు. భర్త, నేను వీడియో కాల్‌లో ఉన్నాం. ఆ పని వల్ల జాబితా తయారవడమే కాదు, కంటైనర్‌లోకి వెళ్లకూడనివి కూడా బయటికొచ్చాయి. "గరాజ్" అని రాసిన పెట్టెలో డ్రోన్ ఉంది. పిల్లల బొమ్మల మధ్య ఒక జత వాకీటాకీలు ఉన్నాయి. అక్కడ అవి సూపర్ మార్కెట్‌లో దొరికే ఆటవస్తువులు, ఇక్కడ వైర్‌లెస్ అనుమతి అడుగుతారు. తోటపని పెట్టెలో తోటకూర, బెండ విత్తనాల ప్యాకెట్లు. విత్తనాలు తేవాలంటే ప్లాంట్ క్వారంటైన్ పర్మిట్ కావాలి.

ఇక "పూజ సామాను" అని రాసిన పెట్టె దగ్గర అందరం కాసేపు ఆగాం. అందులో పెళ్లినాటి వెండి కుందులు, హారతి పళ్లెం, పంచపాత్ర ఉన్నాయి. "అవి ఇక్కడినుంచి పట్టుకెళ్లినవే కదండీ, మళ్లీ ఇక్కడికే తెస్తే సుంకమెందుకు?" అని ఆమె అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుని ఉంటేనే, అవి ఇక్కడినుంచి పోయినవే అని చూపించడం తేలిక. తొమ్మిదేళ్ల కింద ఎవరూ ఆ సంగతి చెప్పలేదు. రాయకుండా పంపడం కుదరదు. రాస్తే సుంకం కట్టాలి, ఆధారాల కోసం వాదన. కంటైనర్ మొత్తాన్ని ఆ ఒక్క పెట్టె కోసం ఆపుకోవడం మంచిది కాదనిపించి, ఆ వెండిని అక్కడే వాళ్ల అక్క ఇంట్లో ఉంచమన్నాను. ఇత్తడి దీపాలు, రాగి చెంబు, పటాలు ఒక్కొక్కటి పేరు పెట్టి రాసి పెట్టెలో పంపించాం. డ్రోన్, వాకీటాకీలు, విత్తనాలు అక్కడే వదిలేశారు.

కుదిరిన జాబితా

మొదట నంబర్ల గొడవ తేల్చాం. ప్యాకర్స్ స్టిక్కర్ నంబరే ఉంచాం. డెలివరీ చెక్ దాని మీదే జరుగుతుంది, ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, బిల్ ఆఫ్ లేడింగ్‌లో నగల లెక్క దాని మీదే వేస్తారు. మార్కర్ నంబర్లన్నిటి మీదా నల్ల టేపు వేయించాం. స్టిక్కర్ అరచేతిలో సగం కూడా ఉండదు, అదీ ఒకవైపే. పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చాక అది గోడవైపు తిరిగి ఉంటే కనిపించదు. అందుకే అదే నంబరును పైన, పొడవాటి రెండు వైపులా పెద్దగా రాయించాం.

తర్వాత జాబితా నంబరు వరుసలో, ఒక పెట్టెకు ఒక వరుస. ఎంత వివరంగా రాయాలి అన్నదే ఇందులో అసలు నిర్ణయం. మేము పెట్టుకున్న పద్ధతి ఇది: ప్లగ్గు లేదా బ్యాటరీ ఉన్న ప్రతి వస్తువూ విడిగా, సంఖ్యతో సహా. సీలు విప్పని కొత్త వస్తువు ఏదైనా సరే విడిగా, "కొత్తది" అని, బిల్లుతో. మిగతావి రకం పేరు, సుమారు సంఖ్య. "మిసిలేనియస్" అన్న మాట ఎక్కడా ఉండకూడదు. ఒక వరుస ఇలా వచ్చింది: "38, కార్టన్, స్టీలు గిన్నెలు 14, ప్రెషర్ కుక్కర్ 1, గరిటెలు, స్పూన్లు ఒక సెట్టు, అన్నీ వాడినవి, రూ. 2,500." ఆఫీసరు పెట్టె పైభాగం తీసి చూస్తే ఆ వరుస నిజమో కాదో తెలిసిపోతుంది. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

విద్యుత్ వస్తువులకు విడిగా ఒక పేజీ. వస్తువు, కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు, కొన్న సంవత్సరం, ఇప్పటి విలువ, పెట్టె నంబరు. ఇవి ఎక్కువగా పీబీఓ పెట్టెల్లోనే ఉన్నాయి కాబట్టి, మెత్తగా ఉంటుందని దుప్పట్లలో చుట్టిపెట్టిన సౌండ్‌బార్ లాంటివన్నీ తీయించి, వాటికే ప్రత్యేకంగా కొన్ని కార్టన్లు కేటాయించాం. ఆ పేజీలో మొదటి వరుస టీవీ. 65 అంగుళాలది, 2016లో కొన్నది. సుంకం పడేదాన్ని ఆఫీసరు వెతికి పట్టుకునే అవసరం లేకుండా మనమే ముందు చూపిస్తే, ఆ తర్వాతి వరుసలు చదివే తీరు వేరుగా ఉంటుంది.

విలువల దగ్గర ఇంకో చిక్కు. ఓడ ప్రయాణానికి తీసుకున్న ఇన్సూరెన్స్ ఫారంలో టీవీకి 1,200 డాలర్లు వేశారు. కస్టమ్స్ జాబితాలో 400. రెండు కాగితాలూ ఒకే ఫైల్లో ఉంటే ఏది నిజం అని అడుగుతారు. నిజానికి రెండూ నిజమే. పగిలితే అలాంటిది కొత్తది కొనడానికి అయ్యే ధర ఇన్సూరెన్స్‌ది, మూడేళ్లు వాడిన టీవీ ఇప్పటి ధర కస్టమ్స్‌ది. దాచే ప్రయత్నం చేయకుండా, జాబితాలో కొన్న ఏడాది, కొన్న ధర, ఇప్పటి విలువ మూడూ వేసి, ఇన్సూరెన్స్ అంకె దేనికో ఒక వాక్యంలో కింద రాశాం.

ఆఖరిది లోడింగ్. విద్యుత్ వస్తువుల కార్టన్లు, టీవీ చివర ఎక్కించి తలుపు దగ్గర ఉండేలా చూడమని, తలుపు మూసేముందు ఫొటో తీయమని ఫోర్‌మన్‌కు రాశాం. లోడింగ్ రోజు చేసిన ఏ మార్పయినా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపమన్నాం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఎక్కువ తేడాలు పుట్టేది ఆ రోజే. అనుకున్నట్టే 61వ కార్టన్ అడుగు చిరిగి, అందులోని వాటిని రెండు పెట్టెల్లో వేయాల్సి వచ్చింది. గోడౌన్‌లో మళ్లీ సర్దినప్పుడే 163 నుంచి 165 అయిన లెక్క ఇప్పుడు 166 అయింది. కాగితం ఆ రాత్రే వచ్చింది కాబట్టి బిల్ ఆఫ్ లేడింగ్ బయటికి రాకముందే నగల సంఖ్య సరిచేయించగలిగాం. అది 165 అని ఉండి లోపల 166 దొరికితే, ఆ అదనపు పెట్టె ఎక్కడిది అన్న ప్రశ్నకు షెడ్డులో జవాబు చెప్పడం కష్టం.

ఎగ్జామినేషన్ రోజు

ఆయన ఒరిజినల్ పాస్‌పోర్టుతో వచ్చారు. సీలు నంబరు బిల్ ఆఫ్ లేడింగ్‌తో సరిచూసి తలుపు తీశారు. ఆఫీసరు మొదట విద్యుత్ వస్తువుల పేజీ తీసుకుని టీవీ చూపించమన్నారు. అది ఎదురుగానే ఉంది. వెనకవైపు సీరియల్ నంబరు చదివి కాగితం మీద టిక్కు పెట్టారు. అదే వరసలో ఇంకొన్ని చూశారు.

ఆ తర్వాత తలుపు దగ్గరివన్నీ పక్కన పెట్టించి, జాబితా మధ్యలోంచి తనకు తోచిన నంబర్లు చెప్పారు. ఇది ఎప్పుడూ జరిగేదే. కావాలని ముందు పెట్టినవి చూసి సంతృప్తి పడేవాళ్లు ఆ ఉద్యోగంలో ఉండరు. 112 సోఫా వెనక ఉంది, హమాలీలు సగం సామాను దించాల్సి వచ్చింది. కానీ నంబరు మూడు వైపులా ఉండటంతో వెతుకులాట లేదు. దుప్పట్లు, దిండ్లు అని రాశాం, అవే ఉన్నాయి.

74లో తేడా వచ్చింది. "పిల్లల పుస్తకాలు 35" అని ఉంది. పుస్తకాల మధ్య ఒక ట్యాబ్లెట్ బయటపడింది. గాజు మూల పగిలి ఉంది, వెనక కార్టూన్ స్టిక్కర్లు సగం ఊడిపోయి ఉన్నాయి. గోడౌన్‌లో మళ్లీ సర్దేటప్పుడు పిల్లల్లో ఎవరో పెట్టి ఉంటారు. ఆయన ముఖం పాలిపోయింది. ఆఫీసరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకో రెండు పుస్తకాల పెట్టెలు విప్పించారు. అవి సరిగ్గా ఉన్నాయి. ట్యాబ్లెట్‌ను జాబితాలో చేత్తో చేర్పించి, పక్కన యజమాని సంతకం తీసుకుని, 1,500 రూపాయల విలువ కట్టారు. మొదటి జాబితాతోనే వచ్చి ఉంటే ఇది ఇంత తేలిగ్గా తెమిలేదని నేను అనుకోను. అప్పటిదాకా విప్పినవన్నీ కలిశాయి కాబట్టే దీన్ని పిల్లల పని అని నమ్మారు.

టీవీకి మేము చెప్పిన 400 డాలర్లు ఒప్పుకుని 28,000 రూపాయలుగా లెక్కగట్టారు. 35 శాతం సుంకం, దానిమీద 10 శాతం సర్‌చార్జ్ కలిపి 38.5 శాతం, అంటే రూ. 10,780. మిగతా సామాను 5 లక్షల లోపే ఉండటంతో ఇంకేమీ పడలేదు. సాయంత్రానికి గేట్ పాస్ వచ్చింది.

ఈ పద్ధతి ఎక్కడ కుదరదు

సొంత కంటైనర్ కాకుండా, నలుగురి సామాను కలిపి వేసే ఎల్‌సీఎల్‌లో పంపేవాళ్లకు తలుపు దగ్గర పెట్టించే వీలుండదు. ఎవరిది ముందు వేస్తారో, మధ్యలో ఎక్కడ దించి మళ్లీ ఎక్కిస్తారో మన చేతిలో లేదు. అలాంటప్పుడు విద్యుత్ వస్తువుల కార్టన్లకు చుట్టూ ఒకే రంగు టేపు వేయించి, ప్యాలెట్ బయటి అంచుకు పెట్టిస్తాను. నంబరుతో పాటు యజమాని పేరు కూడా ప్రతి పెట్టె మీద ఉండాలి, ఎందుకంటే అదే షెడ్డులో పక్కవాళ్ల పెట్టెల్లోనూ ఒక 17 ఉంటుంది.

సామాను అప్పటికే ఓడ ఎక్కేసిందంటే పెట్టెలు విప్పే వీలు లేదు. ఫొటోలు, కార్డు స్టేట్‌మెంట్లు, జ్ఞాపకం కలిపి విద్యుత్ వస్తువుల పేజీ ఒక్కటైనా తయారుచేయిస్తాను. ఏ పెట్టెలో ఉందో తెలియని వస్తువుకు ఊహించి నంబరు వేయనివ్వను, "పెట్టె నంబరు తెలియదు, కంటైనర్‌లో ఉంది" అనే రాయిస్తాను. అలాంటి కేసుల్లో ఎక్కువ పెట్టెలు విప్పుతారని, కంటైనర్‌కు ఇంకో రోజు అద్దె పడొచ్చని వాళ్లకు ముందే చెప్పి పెడతాను.